‘అడిగితే పోయేదిగా’: శుభలేఖను తప్పుగా చదివిన కుర్రాడి కథ గురించి

ప్రశ్న: “నేనొక చిన్న కథ రాస్తున్నాను. నరసాపురంలో కాలేజీ చదివే కుర్రాడి కంట తన క్లాసు అమ్మాయి ఇంటి పెళ్ళికార్డు పడుతుంది. దాన్ని తప్పుగా అర్థం చేసుకుని, ఆ తప్పు మీదే ఒక పని చేసేస్తాడు. చదివినవాళ్ళందరూ ‘ఆ పిల్లనే ఒక్క మాట అడిగితే పోయేదిగా’ అంటున్నారు. కథ నిలబడాలంటే ఏం చేయాలి?”

జవాబు:

తప్పును కుర్రాడి తొందరపాటు మీద నిలబెట్టకండి, కార్డు రాసే పద్ధతి మీద నిలబెట్టండి. కార్డు మొత్తం పాఠకుడి కళ్ళ ముందు పెట్టండి. నిజం అందులోనే, ఇంటివాళ్ళకు సులభంగా తెలిసేటట్టూ బయటివాడి చూపు జారిపోయేటట్టూ ఉండాలి. ఆ తర్వాత అతను చేసే పనిలో, చదివినదానికి తన సొంత మాట ఒకటి కలపాలి. ఈ చివరిది లేకపోతే కథ పొరపాటుగానే మిగిలిపోతుంది, అతనిది కాదు.

నేను పాలకొల్లులో చాలాకాలం శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సు నడిపాను. కథలు రాస్తాను, కొత్తగా రాసేవారు పంపిన కథలు చదివి అభిప్రాయం చెబుతుంటాను. కార్డు మీద నడిచే కథలు నా దగ్గరికి వచ్చినప్పుడు వాటిలో ఎక్కువ భాగం ఒకేచోట దెబ్బతినడం చూశాను. రచయిత కార్డును సగమే చూపిస్తాడు. ఫోనులో ఫొటో సగం కత్తిరించి వచ్చిందనో, అంచుకు రాసిన పసుపు అక్షరాల మీదికి పాకిందనో, కుర్రాడు బస్సులో ఎవరి చేతిలోనో దూరం నుంచి చూశాడనో రాస్తాడు. అప్పుడు పాఠకుడికి తెలియనిది కుర్రాడికీ తెలియలేదంతే, అందులో కుర్రాడి మనసు కనిపించదు. పాఠకుడు కార్డంతా చదివి, తానూ అతనిలాగే పొరబడి, తర్వాత వెనక్కి వెళ్ళి చూసుకున్నప్పుడు అక్షరాలన్నీ అక్కడే ఉన్నాయని తెలుసుకోవాలి.

అలాంటి కార్డు ఎలా ఉంటుందో చెప్పడానికి మా ప్రెస్సుకు వచ్చిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. అన్నదమ్ములిద్దరూ తమ తొలి ఆడపిల్లలకు చనిపోయిన తల్లి పేరే పెట్టుకున్నారు. మన వైపు ఇది మామూలే. ఇంటిపేరు ఒకటే, పెట్టిన పేరూ ఒకటే. ఇంట్లో మాత్రం ఒకరిని పెద్ద అని, ఒకరిని చిన్న అని పిలుచుకుంటారు. పెద్దమ్మాయి తండ్రి చనిపోయాడు కనుక పెళ్ళి పెదనాన్న చేస్తున్నాడు, కార్డు ఆయన పేరుతోనే వేయించాడు. కార్డులు పంచిన తర్వాత దూరపు బంధువులు ఫోన్లు చేసి, ‘చదువుకుంటున్న పిల్లకు ఇంత తొందరగా పెళ్ళేమిటి’ అని అడగడం మొదలుపెట్టారు. ఆయన మిగిలిన కార్డులు పట్టుకొచ్చి, పేరు పక్కన ‘పెద్దమ్మాయి’ అని చిన్న చీటీ అతికించమన్నాడు. బంధువులే పొరబడిన కార్డును కాలేజీ కుర్రాడు సరిగ్గా చదవాలని ఏ పాఠకుడూ పట్టుబట్టడు. మీ కథకు ఇంతకన్నా మంచి పునాది నాకు తోచడం లేదు, వాడుకోండి.

ఆ కార్డు ఎందుకలా తయారవుతుందో కాస్త వివరంగా తెలుసుకోవాలి. శుభలేఖ మొదట్లో ఆహ్వానించేవారి పేర్లు ఉంటాయి. వధువు తండ్రి లేనప్పుడు పెద్దలు ‘కీ.శే.’ అనే అక్షరాలతో శుభలేఖ మొదలుకాకూడదంటారు. వధువు తల్లి బతికే ఉన్నా, భర్త పోయిన ఆమె పేరు పైన వేయడానికి ఒప్పుకోరు. కన్యాదానం పీటల మీద ఎలాగూ పెదనాన్న దంపతులే కూర్చుంటారు కనుక వారి పేర్లే పెద్ద అక్షరాలతో పైన వస్తాయి. కన్న తల్లిదండ్రుల పేర్లు వధువు పేరు కింద, చిన్న అక్షరాలతో బ్రాకెట్లలోకి పోతాయి. అదే చోట, అదే పరిమాణంలో, మామూలు కార్డుల్లో తాతగారి పేరు వేస్తాం. అందువల్ల వధువు పేరు కింద చిన్న అక్షరాల్లో ‘కీ.శే.’ కనిపిస్తే, కార్డులు చూసి అలవాటైన కన్ను ‘తాతగారు’ అనుకుని ముందుకు సాగిపోతుంది. ఆ వరుస చివర ‘మనుమరాలు’ అని ఉందా ‘పుత్రిక’ అని ఉందా అని ఆగి చూసేవారు తక్కువ.

ఇప్పుడు కార్డు రాద్దాం. పేర్లు కల్పితాలు, మీకు నచ్చినవి పెట్టుకోవచ్చు.

> శ్రీరస్తు  శుభమస్తు  అవిఘ్నమస్తు
>
> శ్రీ సూర్యనారాయణ, శ్రీమతి వరలక్ష్మి దంపతులు
> నమస్కరించి వ్రాయు శుభలేఖార్థములు
>
> చి.ల.సౌ. వెంకట సత్యవతిని
> (కీ.శే. రామకృష్ణ, శ్రీమతి పద్మావతి గార్ల ఏకైక పుత్రిక)
>
> పెనుగొండ వాస్తవ్యులు శ్రీ వెంకటేశ్వరరావు, శ్రీమతి నాగమణి గార్ల ద్వితీయ పుత్రుడు
> చి. శ్రీనివాస్‌కు ఇచ్చి
>
> మా స్వగృహమునందు వివాహము జరిపించుటకు పెద్దలు నిశ్చయించినారు గాన, తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి, మదర్పిత చందన తాంబూలాది సత్కారములు స్వీకరించి, వధూవరులను ఆశీర్వదింప ప్రార్థన.

ముహూర్తం వరుసను కావాలనే వదిలేశాను. మీ కథ ఏ సంవత్సరం మాఘమాసంలో జరుగుతోందో నిర్ణయించుకుని పంచాంగం చూసి వేయండి, తిథీ వారమూ కలవకపోతే గోదావరి జిల్లాల పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. కొన్ని కార్డుల్లో కింద ‘మా అక్క పెళ్ళికి తప్పక రావాలి’ అని పిల్లల పేర్లు వేస్తారు. మీ కార్డులో అది ఉండకూడదు, ఉంటే మీ కథలోని అమ్మాయి పేరు అక్కడ కనబడి కథ ముగిసిపోతుంది. ఆ వరుసలో సాధారణంగా చిన్నపిల్లల పేర్లే వేస్తారు కనుక, పదిహేడేళ్ళ అమ్మాయి ఉన్న ఇంట్లో అది లేకపోవడం ఎవరికీ వింతగా తోచదు.

ఇక మీ కుర్రాడు ఈ కార్డును ఎలా చదువుతాడో చూడండి. అతనూ ఆ అమ్మాయీ ఇంటర్ రెండో సంవత్సరం, బై.పి.సి. అమ్మాయి సఖినేటిపల్లి వైపు నుంచి రోజూ పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం వస్తుంది. క్లాసులో అందరూ ఆమెను సత్య అంటారు, హాజరు పిలిచేటప్పుడు మాత్రం వెంకట సత్యవతి. పరీక్షల ముందు హాల్‌టికెట్ల వివరాల్లో తప్పులుంటే చెప్పమని కాలేజీవాళ్ళు జాబితా గోడకు అంటిస్తారు కదా, అందులో తన పేరు వెతుక్కుంటూ ఆమె పేరూ, తండ్రి సూర్యనారాయణ, తల్లి వరలక్ష్మి అన్న పేర్లూ చూసి ఉంటాడు. ఈ జాబితాను కార్డు కంటే ముందు ఒక్క వాక్యంలో పెట్టండి. తర్వాత కార్డు కంటపడినప్పుడు పై పేర్లు ఆమె తల్లిదండ్రులవి, మధ్య పేరు ఆమెది. మూడూ సరిపోయాక బ్రాకెట్ల వరుస చదవాలని ఎవరికి అనిపిస్తుంది? అతను కార్డు చదవడు, పోల్చుకుంటాడు. ఈ తేడా మీరు వివరించనక్కరలేదు, అతని చూపు వెళ్ళిన క్రమం రాస్తే చాలు.

పాఠకుడికి న్యాయం చేయడానికి ఇంకొక్క జాడ ముందుగా వదలండి. ఒకరోజు పంటు మీద నడివయసు ఆవిడ ఒకరు ఆ అమ్మాయిని ‘చిన్న సత్యా’ అని పిలిచి, జడలో పువ్వు సరిచేస్తుంది. కుర్రాడు దాన్ని ముద్దుపేరు అనుకుంటాడు. ఆవిడే పద్మావతి, అమ్మాయి పిన్ని, బ్రాకెట్లలో ఉన్న తల్లి. ఆవిడను అక్కడ చూపించడం తర్వాత చాలా పనికివస్తుంది.

ముహూర్తాన్ని తప్పుగా చదివించవచ్చు కదా అని మీకు తోచవచ్చు. బుధవారం రాత్రి రెండు గంటలకు ముహూర్తమైతే కార్డులో ‘బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం’ అని వేస్తాం, ఎందుకంటే పంచాంగం ప్రకారం సూర్యోదయం అయ్యేదాకా వారం మారదు. ‘గురువారం’ ఒక్కటే కంటికి ఆనినవారు గురువారం రాత్రికి వస్తారు, అప్పటికి పందిరి విప్పుతుంటారు. ఇలా వచ్చినవారిని నేను ఎరుగుదును. కానీ ఆ పొరపాటు వల్ల నష్టపోయేది పొరబడినవాడే, ఆ అమ్మాయికి ఏమీ కాదు. మీరు రాయదలచుకున్న కథలో దెబ్బ ఎదుటి మనిషికి తగలాలి కనుక పేరు విషయంలో పొరపాటే సరైనది. రెండూ కలిపి వాడకండి. ఒకే కార్డును రెండుచోట్ల తప్పుగా చదివినవాడి మీద పాఠకుడికి జాలి పోతుంది.

ఇప్పుడు మీ కథ చదివినవాళ్ళ అభ్యంతరానికి వస్తాను. అడగకపోవడానికి కారణం కుర్రాడి సిగ్గు అని రాస్తే సరిపోదు, సిగ్గును ఒక పేరాలో దాటించవచ్చు. అడిగే దారి పరిస్థితుల వల్లనే మూసుకుపోవాలి. పెళ్ళి ఆమె ఇంట్లోనే జరుగుతోంది కాబట్టి ఆమె వారం రోజులుగా కాలేజీకి రావడం లేదు. మాఘమాసం, అంతర్వేది తీర్థం రోజులు, సఖినేటిపల్లి రేవులో జనం. మొదటి రెండు రోజులు ఆమె తీర్థానికి ఆగిపోయిందని అందరూ అనుకుంటారు. ఆమెకు సొంత ఫోను లేదు, కాలేజీలో ఇచ్చిన నంబరు తండ్రిది. కార్డు ఆమె తన స్నేహితురాళ్ళు నలుగురికే ఇచ్చింది, మగపిల్లలకు ఇవ్వలేదు. వారిలో ఒకమ్మాయి తన బోటనీ రికార్డును బొమ్మల కోసం అతని చేతికి ఇచ్చినప్పుడు, కార్డు దాని పుటల మధ్య కనబడింది. అతనికి పిలుపు లేని పెళ్ళి గురించి, తన చేతికి రాకూడని కార్డు చూసి, ఎవరిని ఏమని అడుగుతాడు? రికార్డు ఇచ్చిన అమ్మాయిని అడగవచ్చు. ఆ ప్రయత్నం తప్పకుండా చేయించండి. ‘సత్య ఇంట్లో పెళ్ళటగా’ అని అతను అంటే, ‘నీకెవరు చెప్పారు? ఎవరితోనూ అనకు’ అని ఆమె కంగారుగా కార్డు లాక్కుంటుంది. ఆమె కంగారు, తన రికార్డు అబ్బాయికి ఇచ్చినట్టు బయటపడుతుందని. అతనికి వినిపించింది, దాచిపెడుతున్న పెళ్ళి అని. ఇక్కడితో ‘అడిగితే పోయేదిగా’ అన్న మాటకు కథ జవాబు చెప్పేసినట్టే. అతను అడిగాడు, జవాబూ తప్పుగానే విన్నాడు.

అతను నమ్మడానికి ముందే ఒక కారణం మనసులో ఉండాలి. కిందటి ఏడాది వారి క్లాసులోనే ఒక అమ్మాయి దసరా సెలవుల తర్వాత తిరిగి రాలేదు. పెళ్ళి అయిపోయిందని సంక్రాంతికి తెలిసింది. అప్పుడు లెక్చరర్ హాజరుపట్టీలో ఆ పేరు కొట్టేయడం అతను చూశాడు. ఇంతకన్నా ఎక్కువ రాయనక్కరలేదు. అతనికి సత్య మీద ప్రేమ ఉందా లేదా అన్నది కూడా తేల్చకండి. ప్రేమ అని రాస్తే ఫిర్యాదు అసూయలా కనిపించి, మిగతా కథంతా ఆ రంగులోనే పాఠకుడికి కనబడుతుంది.

అతను చేసే పని 1098కి ఫోన్ చేయడం. బాల్యవివాహాల నిషేధ చట్టం 2006 ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. సత్యకు పదిహేడేళ్ళు. పిల్లల సహాయవాణి 1098కి ఎవరైనా, అనుమానం ఉన్నా సరే, ఫోన్ చేయవచ్చు. చెప్పినవారి పేరు బయటపెట్టరు. ఈ సంభాషణను తొందరగా దాటవేయకండి, కథకు ఇదే గుండెకాయ. ఫోను తీసినవారు అమ్మాయి పేరు, వయసు, ఊరు, మండలం, జిల్లా అడుగుతారు. అతను పశ్చిమగోదావరిలో నిలబడి ఏటి అవతలి ఇంటి గురించి చెబుతున్నాడు, 2022లో జిల్లాలు విడదీసిన తర్వాత అది కోనసీమ జిల్లా. పెళ్ళి ఎప్పుడు, ఎక్కడ అంటారు. తర్వాత ‘మీకెలా తెలిసింది?’ అని అడుగుతారు.

ఇక్కడ అతను ‘కార్డు చూశాను’ అంటే సరిపోయేది. కానీ ఆ క్షణంలో, ఇంకొకరి రికార్డులో దొంగచాటుగా చూసిన కార్డు అని చెప్పడానికి నోరు రాక, చెప్పినా పట్టించుకోరేమో అన్న భయంతో, ‘ఆ అమ్మాయే చెప్పిందండి, తనకు ఇష్టం లేదంది’ అంటాడు. అప్పటిదాకా జరిగిందంతా పొరపాటు, ఈ ఒక్క వాక్యం మాత్రం అతను చేసిన పని. నేను చదివిన ఇలాంటి కథల్లో చాలా వాటికి లేనిది ఈ వాక్యమే. తప్పుగా చదవడం ఎవరికైనా జరుగుతుంది కనుక దానికి పాఠకుడు అతన్ని క్షమిస్తాడు, ఆ క్షమతోనే కథ చల్లారిపోతుంది. అబద్ధం ఉంటే అలా చల్లారదు. పైగా అది మంచి మనసుతో ఆడిన అబద్ధం కాబట్టి పాఠకుడు తేలికగా తీర్పు చెప్పలేడు.

తర్వాతి సన్నివేశం అమ్మాయి ఇంట్లో. కుర్రాడు అక్కడ ఉండడు కనుక మీరు కథను అతని వైపు నుంచే చెబుతుంటే ఇది తర్వాత ఎవరో చెప్పగా అతను వినాలి. నా అభిప్రాయంలో ఈ ఒక్క సన్నివేశానికి అతన్ని వదిలి నేరుగా ఇంట్లోకి వెళ్ళడమే మంచిది. పెళ్ళికూతుర్ని చేసే ఉదయం, కొబ్బరాకు పందిరి కింద నలుగు పెడుతున్న సమయం. ఐసీడీఎస్ సూపర్‌వైజరు, సచివాలయం మహిళా పోలీసు, స్టేషను నుంచి ఒక కానిస్టేబులు వస్తారు. వారిని దుర్మార్గులుగా రాయకండి. వారు చేసేది వారి పని, అది జరగవలసిన పని. ‘వెంకట సత్యవతి వయసు ధ్రువపత్రం చూపించండి’ అంటారు. ఏ సత్యవతి అని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. ఫిర్యాదులో ఇంటర్ చదివే అమ్మాయి అని ఉంది కదా, చిన్న సత్యను పిలుస్తారు. ఆమె వంటింట్లోంచి పదో తరగతి మార్కుల జాబితా పట్టుకుని వస్తుంది. పీటల మీద, ఒంటికి పసుపుతో పెద్ద సత్య కూర్చుని ఉంటుంది, ఆమెకు ఇరవై మూడేళ్ళు. ఈ రెండు పేర్ల చిక్కు విడదీసేది పద్మావతి కావాలి. శుభకార్యంలో వెనకగా నిలబడిన ఆవిడ, కూతురి జనన ధ్రువపత్రం తెచ్చి, ‘ఇది నా కూతురండి, పెళ్ళి దీనికి’ అని అందరి ముందూ చెప్పవలసి వస్తుంది. కార్డులో ఏ వరుసను చదవకపోవడం వల్ల ఇదంతా జరిగిందో ఆ వరుసే వచ్చి మాట్లాడినట్టు పాఠకుడికి తెలుస్తుంది, మీరు దాని గురించి ఒక్క మాటా అనకండి.

అధికారులు కాగితాలు చూసి, పెళ్ళి నిరభ్యంతరంగా చేసుకోమని చెప్పి వెళ్ళిపోతారు. పెళ్ళి ఆగదు. పెనుగొండ పెళ్ళివారు అడగవచ్చు, సర్దుకోవచ్చు, దాన్ని రెండు వాక్యాల్లో దాటించండి. అసలు దెబ్బ వెళ్ళేముందు సూపర్‌వైజరు చిన్న సత్యను పక్కకు పిలిచి, దయగానే, ‘నీకిష్టం లేదని ఎవరితోనో చెప్పావటగా అమ్మా?’ అని అడగడంలో ఉంది. ఆ మాట తండ్రి వింటాడు. ఏ పెళ్ళి, ఎవరి పెళ్ళి అన్న చిక్కు తీరిపోయింది, కానీ ‘చెప్పావటగా’ మాత్రం మిగిలింది. కూతురు బయట ఎవరితోనో ఇంటి విషయాలు చెప్పుకుంటోందని ఆయనకు అర్థమైంది. ఆమె చెప్పలేదంటే ఎవరూ నమ్మరు, ఎందుకంటే ఫిర్యాదులో కాలేజీ పేరు, గ్రూపు, ఇంటి గుర్తులు అన్నీ ఉన్నాయి. ఆమెకు తోచేదేమిటి? కార్డు ఇచ్చింది నలుగురికి. ఆ నలుగురిలో అల్లరి మాటలు మాట్లాడేది, కార్డు రికార్డులో పెట్టుకు తిరిగింది ఒక్కతే.

ఇక్కడ కొందరు అమ్మాయి చదువు మాన్పించేస్తారు. నేనైతే మాన్పించను. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్ ఉన్నాయి, అంతదాకా చదివించిన తండ్రి ఆ పరీక్ష వదులుకోడు. ఆయన రోజూ పంటు మీద తోడు వచ్చి, కాలేజీ గేటు దగ్గర దింపి, సాయంత్రం రేవు దాకా వెంట నడిచి తీసుకువెళతాడు. ఎవరినీ ఏమీ అనడు. సత్య తన స్నేహితురాలితో మాట్లాడటం మానేస్తుంది. ఇద్దరూ ఒకే ల్యాబ్ బల్ల మీద పనిచేస్తారు, రికార్డు మాత్రం ఇచ్చి పుచ్చుకోరు. కుర్రాడు ఇదంతా చూస్తాడు. 1098వారు పేరు చెప్పరు కనుక అతను ఊరుకుంటే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. కథలో మిగిలిన ప్రశ్న ఇదొక్కటే: నింద ఆ స్నేహితురాలి మీద ఉండనివ్వాలా, తన మీద వేసుకోవాలా. ‘అయ్యో, పెళ్ళి అక్కదట!’ అని తెలిసే ఘట్టాన్ని కథ చివరకు నెట్టి దాంతో ముగించకండి, అది మూడింట రెండు వంతుల దగ్గరే అయిపోవాలి. చివరి వంతు ఈ నింద కోసం ఉంచండి.

చెప్పించాలనే నా సలహా, అదీ సత్యకు కాదు, ముందుగా ఆ స్నేహితురాలికి. నష్టపోయింది ఆమె కూడా, ఆమె రికార్డు నుంచే ఇదంతా మొదలైంది. ఆమె అతన్ని సత్య దగ్గరకు తీసుకువెళ్ళి నిలబెడుతుంది. సత్య కార్డు సంగతి అడగదు. పేర్లు కలవడం వల్ల పొరబడ్డాడని ఆమెకు వెంటనే అర్థమవుతుంది, ఇంట్లో అది రోజూ ఉండేదే. ‘నేను చెప్పానని ఎందుకు చెప్పావు?’ అని మాత్రం అడుగుతుంది. దానికి అతనిచేత మంచి జవాబు చెప్పించే ప్రయత్నం చేయవద్దు. ల్యాబ్ తలుపు తెరిచి నంబర్ల వారీగా పిలుస్తుంటే లోపలికి వెళ్ళవలసి వస్తుంది, అంతే.

ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. ఈ కథ చదివినవారు ‘ఇలాంటి ఫోన్లు చేస్తే ఇంతే’ అనుకుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. దసరా తర్వాత తిరిగి రాని అమ్మాయి కథలో నిజమైన మనిషి, ఆమె విషయంలో ఎవరూ ఫోన్ చేయలేదు. కాబట్టి కుర్రాడు ‘కార్డు చూశాను, అనుమానంగా ఉంది’ అని మాత్రమే చెప్పి ఉంటే అధికారులు అలాగే వచ్చేవారని, కాగితాలు చూసి అలాగే వెళ్ళేవారని, సత్యను ఎవరూ పక్కకు పిలిచేవారు కాదని పాఠకుడికి లెక్క తేలేటట్టు సన్నివేశాన్ని కట్టండి. సూపర్‌వైజరు అడిగే ప్రశ్న ఫిర్యాదులోని ఆ వాక్యం నుంచే వచ్చిందని స్పష్టంగా ఉంటే సరిపోతుంది.

మీ కథ ఇంటర్‌లో కాక డిగ్రీ కాలేజీలోనే జరగాలని పట్టుదల ఉంటే పై నిర్మాణం కొంత మారుతుంది. డిగ్రీ చదివే అమ్మాయికి సాధారణంగా 18 నిండి ఉంటాయి, అప్పుడు బాల్యవివాహం అన్న ప్రశ్నే రాదు, 1098కి చేయడానికి కారణం ఉండదు. కార్డు అదే ఉంచుకోవచ్చు, పని మార్చాలి. ఉదాహరణకు, సత్య పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతోందనుకుని ఆమె పీజీ ప్రవేశ పరీక్షకు కట్టమని ఇచ్చిన ఫీజు డబ్బు కట్టకుండా, గడువు దాటాక తిరిగి ఇచ్చేయడానికి వస్తాడు. అప్పుడు ‘ఆ అమ్మాయే చెప్పింది’ అన్న వాక్యానికి బదులు, ఫీజు కట్టే కుర్రాళ్ళతో అతను ‘సత్య వద్దంది’ అని చెప్పి ఉండాలి. అధికారులు, పందిరి, పద్మావతి సన్నివేశం అన్నీ పోతాయి కాబట్టి ఆ బ్రాకెట్ల వరుస ఎవరి నోట బయటపడాలో మళ్ళీ ఆలోచించుకోవలసి ఉంటుంది. నన్నడిగితే ఇంటర్‌లోనే ఉంచండి.